ఎక్కువ కొన్నవాళ్లంతా మంచి కస్టమర్లేనా?

విజయవాడలాంటి ఊళ్లో చీరలూ, మగ్గం వర్క్ బ్లౌజులూ అమ్మే బొటిక్ ఒకటి ఉందనుకుందాం. దాని బిల్లుల పుస్తకం తెరిచి, ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టినవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ పోతే మొదటి అయిదు పేర్లలోనే తమాషా బయటపడుతుంది. మొదటి ఆవిడ కూతురి పెళ్లికని ఒక్కసారే లక్షన్నర బిల్లు చేసింది, ఆ తర్వాత మళ్లీ గుమ్మం తొక్కలేదు. రెండో ఆవిడ నెలనెలా ఇరవై చీరలు పట్టుకెళ్తుంది. కట్టుకోవడానికి కాదు, తన వాట్సాప్ గ్రూపులో అమ్ముకోవడానికి. మూడోది ఒక మగాయన పేరు. చీరలు భార్యవి, యూపీఐ చెల్లింపు ఆయన ఫోనుది. నాలుగోది యజమానురాలి పిన్ని కూతురు. అయిదో పేరు దగ్గరకొస్తే గానీ అసలు కస్టమర్ కనిపించదు. ఏటా ఉగాదికీ, శ్రావణమాసానికీ, దసరాకీ వచ్చి, తన కొలతలతో రెండేసి మూడేసి బ్లౌజులు కుట్టించుకుపోయే ఆవిడ ఆమె.

ఈ అయిదుగురినీ ఒకే జాబితాలో పెట్టి, "అచ్చం ఇలాంటివాళ్లనే ఇంకొన్ని లక్షలమందిని వెతికిపెట్టు" అని ఫేస్‌బుక్‌ని అడిగితే దాన్నే లుక్‌అలైక్ ఆడియన్స్ అంటారు. అడిగితే అది తప్పకుండా వెతికిపెడుతుంది. ఆ అయిదుగురిలో ఎవరిలాంటివాళ్లను అన్నదే పేచీ.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తమ దగ్గరున్న ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఇచ్చి ఆ మనుషులకే ప్రకటన చూపించే కస్టమ్ ఆడియన్స్‌ను ఫేస్‌బుక్ 2012లో తెచ్చింది. ఆ జాబితాను మూలంగా తీసుకుని, అందులో లేని కొత్తవాళ్లను వెతికే లుక్‌అలైక్ 2013లో వచ్చింది. మూల జాబితాలో ఒకే దేశానికి చెందినవాళ్లు కనీసం 100 మంది దొరకాలి. వెయ్యి నుంచి అయిదు వేల మంది ఉంటే బాగుంటుందని కంపెనీ సలహా. ఏ దేశంలో వెతకాలో చెప్పి, 1 శాతం నుంచి 10 శాతం దాకా ఎంత పెద్ద గుంపు కావాలో ఎంచుకోవాలి. 1 శాతం అంటే ఆ దేశంలోని ఖాతాదారుల్లో మూల జాబితాకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న నూటికొకరు. శాతం పెంచేకొద్దీ గుంపు పెరుగుతుంది, పోలిక పలచబడుతుంది.

ఇక్కడ ఆ యంత్రానికి ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది తెలుసుకోవాలి. జాబితాలోని నంబర్లను అది తన ఖాతాలతో సరిపోల్చుకుంటుంది. దొరికినవాళ్ల వయసు, ఊరు, భాష, చూసే పేజీలు, ఆగి చూసే వీడియోలు, నొక్కే ప్రకటనలు లాంటి జాడలను మిగతా జనంతో పోల్చి, వీళ్లలో ఎక్కువగా, బయటివాళ్లలో తక్కువగా కనిపించే లక్షణాలను పట్టుకుంటుంది. బ్లౌజు భుజం దగ్గర సరిగ్గా కూర్చుందా లేదా అన్నది దానికి తెలియదు. టైలర్ మారితే ఆ కస్టమర్ మానేస్తుందన్నదీ తెలియదు. వచ్చే ఫాల్గుణంలో ఆవిడింట్లో పెళ్లి ఉందని ఎవరూ దానికి చెప్పలేదు. పెళ్లిళ్ల పేరయ్యకు ఎత్తు, రంగు, జీతం మాత్రమే చెప్పి సంబంధం చూడమంటే ఆయన ఎత్తు, రంగు, జీతం చూసే సంబంధం తెస్తాడు. గుణం గురించి ఆయన్ను నిలదీసి లాభం లేదు.

ఊహించుకున్న ఈ బొటిక్‌నే చివరిదాకా లెక్కలతో నడిపి చూద్దాం. మంగళగిరి, వెంకటగిరి చీరలు, మగ్గం వర్క్ బ్లౌజులు, హాఫ్ శారీ సెట్లు దాని సరుకు. రెండేళ్లలో 2,300 బిల్లులు. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే 1,460 మంది. సగటు బిల్లు 4,500 రూపాయలు. బట్ట, వర్క్, కుట్టుకూలి పోను చేతిలో మిగిలేది 1,500. అంకెలు ప్రతి దుకాణానికీ ఇలాగే వస్తాయని కాదు. ఇలా వస్తే వాటిని ఎలా చదవాలో తెలుసుకోవడానికే ఈ లెక్క.

మొదటిసారి అందరూ చేసే పనే చేశారు. మొత్తం కొనుగోలు విలువను బట్టి పైనుంచి 300 మందిని కోసి జాబితా తయారుచేశారు. ఫైలు మొదటి వరస ఇలా ఉంటుంది:

```
phone,fn,ln,ct,st,zip,country,value
```

ఫోన్ నంబరుకు ముందు 91 తప్పనిసరిగా ఉండాలి. అది లేక సగం నంబర్లు సరిపోలని జాబితాలు కోకొల్లలు. ఊరు, పిన్‌కోడ్ కూడా ఇస్తే సరిపోలే అవకాశం పెరుగుతుంది. నంబర్లు పంపేముందు SHA-256 అనే పద్ధతిలో గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మారతాయి, ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లనూ అలాగే మార్చి రెండింటినీ పోల్చుకుంటుంది. అంటే కొత్తగా ఎవరి నంబరూ దానికి తెలియకపోవచ్చు గానీ, ఆ దుకాణంలో ఎవరెవరు కొంటారో మాత్రం తెలిసిపోతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇండియాకు 1 శాతం గుంపు తీసుకుని, అందులో విజయవాడ చుట్టూ 25 కిలోమీటర్ల లోపలివాళ్లకే ప్రకటన పెట్టారు. వాట్సాప్ మెసేజ్ రావడమే లక్ష్యం. నెలకు 15,000 ఖర్చు. 300 మెసేజ్‌లు వచ్చాయి, ఒక్కొక్కటి 50 రూపాయలకే. యాడ్స్ మేనేజర్ తెర మీద చూస్తే పండగే. నెలాఖరున ఆర్డర్లు లెక్కపెడితే ఆరు. ఆర్డరుకు 2,500 ఖర్చుపెట్టి 1,500 సంపాదించినట్టు. వచ్చిన మెసేజ్‌లలో సగానికి పైగా ఒకే ప్రశ్న: "మేడమ్, హోల్‌సేల్ రేటు ఎంత? మినిమమ్ ఎన్ని పీసులు తీసుకోవాలి?"

తప్పు ప్రకటనది కాదు. అడిగినవాళ్లనే అది తెచ్చిపెట్టింది. ఆ 300 పేర్లనూ ఒక్కొక్కటిగా చూస్తే 38 మంది రీసెల్లర్లు తేలారు. వాళ్లను పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒకే బిల్లులో పదికి పైగా చీరలు ఉంటాయి, బ్లౌజు కొలతలు ఒక్కసారీ ఉండవు. 70 మంది ఒక్క పెళ్లికి వచ్చి వెళ్లినవాళ్లు. 25 మంది చుట్టాలు, స్నేహితులు. 40 నంబర్లు మగవాళ్లవి. పోను మిగిలింది 127. రీసెల్లర్లు ఫేస్‌బుక్‌లో ఊరికే ఉండరు. చీరల పేజీలన్నీ చూస్తారు, లైవ్‌లలో గంటలకొద్దీ ఉంటారు, కనిపించిన ప్రతి ప్రకటననూ నొక్కుతారు. సంఖ్యలో 38 మందే అయినా జాడలు మాత్రం అందరికంటే గట్టిగా వదులుతారు, కాబట్టి పోలిక వాళ్లవైపే మొగ్గుతుంది.

పైగా వాళ్లు ఆ ఫైలులో value అనే చివరి గడి కూడా నింపారు. ఒక్కో కస్టమర్ విలువెంతో చెబితే ఎక్కువ విలువున్నవాళ్లకు ఎక్కువ బరువిచ్చే సదుపాయం 2017 నుంచి ఉంది. ఆ గడిలో మొత్తం కొనుగోలు అంకె వేసేసరికి, పీసుకు రెండొందలు కూడా మిగల్చని రీసెల్లరు అందరికంటే గొప్ప కస్టమరైపోయింది. ఆ గడిలో వేయాల్సింది మిగిలిన లాభం. లాభం లెక్క సరిగ్గా లేకపోతే గడి ఖాళీగా వదిలేయడమే నయం.

రెండోసారి జాబితా మార్చాలి. అసలైన 127 మందినే పంపితే? వాళ్లలో కొందరి నంబర్లు ఖాతాలతో సరిపోలవు, అప్పుడు సంఖ్య కనీసపు 100 కంటే దిగిపోవచ్చు. ఎంతమంది సరిపోలారో కచ్చితంగా చూపించరు కూడా. చిన్న జాబితాకు వెయ్యిలోపు అని మాత్రమే తెర మీద కనిపిస్తుంది. అందుకని డబ్బును పక్కనపెట్టి నియమమే మార్చారు. గత 18 నెలల్లో వేర్వేరు నెలల్లో కనీసం రెండుసార్లు వచ్చినవాళ్లు, తమ కొలతలు దుకాణంలో ఉన్నవాళ్లు, రీసెల్లర్లూ చుట్టాలూ కానివాళ్లు. మొత్తం బిల్లు 6,000 అయినా సరే. అలా 420 మంది దొరికారు. భర్తల నంబర్లున్న చోట ఆడవాళ్ల నంబర్లు అడిగి పెట్టుకున్నారు. వెయ్యిమంది కలగాపులగం జాబితా కంటే ఈ 420 మేలని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మొదటి నెల వచ్చిన మెసేజ్‌లు చదివితే చాలు.

ఈసారి పోటీ కూడా పెట్టారు. అదే ప్రకటన, అవే రోజులు, 15,000 చొప్పున రెండు గుంపులు. ఒకటి కొత్త లుక్‌అలైక్. రెండోదానికి ఏ జాబితా లేదు, అదే 25 కిలోమీటర్లలో ఉన్న 25 నుంచి 55 ఏళ్ల ఆడవాళ్లంతా. ఒకే మనిషి రెండు గుంపుల్లోనూ పడకుండా విడదీసే ప్రయోగ సదుపాయం యాడ్స్ మేనేజర్‌లోనే ఉంది. దాన్నే వాడాలి, లేకపోతే పోలిక చెడిపోతుంది. లుక్‌అలైక్‌కి 190 మెసేజ్‌లు, తొమ్మిది ఆర్డర్లు. ఊరందరి గుంపుకు 240 మెసేజ్‌లు, ఎనిమిది ఆర్డర్లు.

తొమ్మిది ఎనిమిది కంటే ఎక్కువే కదా అని సంబరపడటానికి లేదు. ఇంత చిన్న అంకెల్లో ఒక ఆర్డరు తేడాకు అర్థమే లేదు, వచ్చే నెల అది అటూ ఇటూ తిరగబడవచ్చు. రీసెల్లర్ల గోల తగ్గిందన్నది నిజం. కానీ జాబితా వల్ల ప్రత్యేకంగా ఒరిగింది ఏమీ లేదు.

ఎందుకు లేదో చూస్తే ఈ పద్ధతి పరిమితి బయటపడుతుంది. లుక్‌అలైక్‌ను దేశం మొత్తానికి తయారుచేస్తారు, ఊరికి కాదు. దేశంలో 40 కోట్ల ఖాతాలు ఉన్నాయనుకుంటే 1 శాతం అంటే 40 లక్షల మంది. జాబితాలోని 420 మందీ విజయవాడవాళ్లే కాబట్టి, వాళ్లను మిగతా దేశం నుంచి వేరుచేసే లక్షణాలుగా యంత్రానికి ముందు కనబడేవి ఏమిటి? తెలుగు మాట్లాడతారు, కృష్ణా గుంటూరు ప్రాంతంలో ఉంటారు, ఆడవాళ్లు, నడివయసు. ఆ నాలుగింటితోనే పోలిక దాదాపు తీరిపోతుంది. ఆ 40 లక్షల మందిని మళ్లీ విజయవాడకే కుదిస్తే మిగిలేది ఇంచుమించు ఊళ్లోని నడివయసు ఆడవాళ్లే. దాని కోసం జాబితా ఎందుకు? వయసు, ఊరు ఎంచుకుంటే అదే వస్తుంది. చిన్న పరిధిలో వ్యాపారం చేసే దుకాణానికి లుక్‌అలైక్ పనిచేయలేదని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే అనిపిస్తుంది.

అలాగని పనికిరానిదీ కాదు. ఆ 420 మంది జాబితాతోనే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాలకు కొరియర్‌లో పంపే మంగళగిరి చీరల ప్రకటన పెడితే కథ మారింది. లుక్‌అలైక్‌కి 14 ఆర్డర్లు, జాబితా లేని గుంపుకు నాలుగు. అంత పెద్ద నగరాల్లో, ముఖ్యంగా బెంగళూరు, చెన్నైల్లో, చేనేత కట్టే తెలుగు ఆడవాళ్లను వడగట్టడానికి ఆ పోలిక నిజంగానే అక్కరకొచ్చింది. 14కీ నాలుగుకీ ఉన్న తేడా నమ్మదగిందే, అయినా మరో నెల నడిపి చూడాల్సిందే. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ నగరాల నుంచి చీరలే ఆర్డరయ్యాయి, బ్లౌజులు కాలేదు. 420 మందిని ఈ బొటిక్‌కి కట్టిపడేసింది కుట్టు. చీరల మీద ఇష్టాన్ని యంత్రం పట్టుకుంది, కుట్టు మీద నమ్మకం మాత్రం దానికి అందలేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల విషయానికొస్తే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇండియా జాబితా ఇచ్చి అమెరికాలో వెతకమంటే ఫేస్‌బుక్ కాదనదు. కానీ డాలస్‌లో ఉన్నావిడ కొనే కారణాలు వేరు, షిప్పింగ్ భయాలు వేరు, కొలతలు వీడియోకాల్‌లో ఇచ్చే అవస్థ వేరు. అక్కడి కస్టమర్లు వందమందికి పైగా పోగయ్యేదాకా ఆగి, వాళ్లతో విడిగా జాబితా చేయడమే మంచిది.

పెళ్లి సరుకు అమ్మేవాళ్లకు ఈ పద్ధతి చాలావరకు అచ్చిరాదు. పెళ్లికూతురి తల్లిని కస్టమర్‌ని చేసింది ఆమె వయసో అభిరుచో కాదు, ముహూర్తం. అది దాటగానే ఆమె మళ్లీ మామూలు మనిషి. రెండేళ్ల క్రితం పెళ్లి కొనుగోలు చేసినవాళ్ల జాబితా ఇస్తే యంత్రం ఇప్పటి వాళ్లను చూసి పోలిక తీస్తుంది. అంటే కూతుర్ని అత్తారింటికి పంపేసి, మనవడి ఫొటోలు పెట్టుకుంటున్న తల్లులను పోలినవాళ్లు వస్తారు. గుంపు కొన్ని రోజులకొకసారి దానంతటదే తాజా అవుతుంది గానీ, అప్‌లోడ్ చేసిన మూల జాబితా మాత్రం మనం మార్చేదాకా పాతదే. పెళ్లి బ్లౌజులకు జాబితా కంటే కాలం ముఖ్యం. ముహూర్తాలకు రెండు మూడు నెలల ముందు, ఆషాఢమో మూఢమో నడుస్తున్నప్పుడే, మగ్గం మీద బ్లౌజు తయారయ్యే వీడియోను ఊళ్లో అందరికీ చూపిస్తే, ఇంట్లో పెళ్లి ఉన్నావిడ తనంతట తానే ఆగి చూస్తుంది. ఆమెను పట్టుకునేది ఆ వీడియోనే.

లుక్‌అలైక్ విఫలమైనా విజయంలా కనిపించే సందర్భం ఒకటుంది. ఇది మరీ మోసం. మూల జాబితాలోని 420 మందినీ ఫేస్‌బుక్ దానంతటదే మినహాయిస్తుంది. కానీ దుకాణానికి మొత్తం 1,460 మంది పాత కస్టమర్లు ఉన్నారు కదా, మిగిలిన వెయ్యి పైచిలుకు మంది సంగతి? వాళ్లు కస్టమర్లను పోలిన గుంపులో ముందు వరసలో ఉంటారు, ఎందుకంటే వాళ్లూ కస్టమర్లే. శ్రావణానికి ఎలాగూ వచ్చేవాళ్లు, దారిలో ప్రకటన కనిపిస్తే నొక్కి వస్తారు, ఆ ఆర్డరు ప్రకటన ఖాతాలో పడుతుంది. దీన్ని ఆపాలంటే పాతవాళ్లందరి జాబితానూ విడిగా ఎక్కించి మినహాయించాలి. ఆర్డరిచ్చిన ప్రతి నంబరునూ పాత బిల్లుల్లో వెతికి చూడాలి. నెలకు పదీ పన్నెండు ఆర్డర్లే కాబట్టి ఇది అరగంట పని.

బడ్జెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఎవరికి చూపిస్తే ఫలితం వస్తుందో నేర్చుకోవడానికి ఒక్కో ప్రకటన గుంపుకు వారానికి దాదాపు 50 ఫలితాలు కావాలని కంపెనీ చెబుతుంది. నెలకు తొమ్మిది ఆర్డర్లొచ్చే దుకాణం ఆ లెక్కను అందుకోలేదు. అందుకే చిన్న దుకాణాలు ఆర్డర్లకు బదులు మెసేజ్‌లనే లక్ష్యంగా పెట్టుకుంటాయి. అప్పుడు యంత్రం లుక్‌అలైక్ గుంపులో కూడా కొనేవాళ్లను కాక, ఊరికే "ధర ఎంత?" అని అడిగేవాళ్లను ఏరుతుంది. జాబితా ఎంత కడిగినా ఈ చివరి వడపోతలో సగం ఫలితం కొట్టుకుపోతుంది. దీనికి పూర్తి విరుగుడు లేదు. ప్రకటనలోనే ధర రాస్తే కాస్త నయం. బ్లౌజు 3,500 నుంచి మొదలని కనిపిస్తే మెసేజ్‌లు తగ్గుతాయి, వచ్చినవాటిలో సరుకుంటుంది.

ఇన్ని చెప్పాక, ఈ పద్ధతి ఇంకెంత కాలం ఇలాగే ఉంటుందో చూడాలి. గూగుల్ తన సిమిలర్ ఆడియన్సెస్‌ను 2023లో ఎత్తేసింది, తర్వాత డిమాండ్ జెన్ ప్రకటనల్లో మాత్రం లుక్‌అలైక్‌కు చోటిచ్చింది. లింక్డ్‌ఇన్ 2024 ఫిబ్రవరిలో ఆపేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు నడిపే మెటా తీసేయలేదు గానీ, అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్ వచ్చాక లుక్‌అలైక్‌ను ఒక సూచనగా మార్చేసింది. ముందు ఆ గుంపులో చూస్తుంది, అవతల బాగా వస్తుందనుకుంటే గీత దాటిపోతుంది. కొన్ని లక్ష్యాలకు దీన్ని ఆపే వీలే ఉండదు. కాబట్టి పైన చెప్పిన పోటీ పెట్టేటప్పుడు ఈ విస్తరణ ఆగి ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేదంటే రెండు పేర్లతో ఒకే గుంపును పోల్చుకుంటూ కూర్చున్నట్టే.

ఇక ముందు వదిలేసిన సంగతి. బ్లౌజు సిద్ధమైందని చెప్పడానికి ఇచ్చిన నంబరును ప్రకటనల కోసం వేరే కంపెనీకి పంపడం మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్టిలో వేరే పని. ఆ చట్టం ఏ పనికి సమ్మతి తీసుకుంటే ఆ పనికే అంటుంది. ఈ బొటిక్‌లో ఇప్పుడు కొలతల పుస్తకంలో నంబరు పక్కనే రెండు గళ్లు పెరిగాయి. ఒకదాంట్లో కొన్నది తమకా, అమ్మకానికా, పెళ్లికా అని రాస్తారు. రెండోదాంట్లో ప్రకటనలకు నంబరు వాడొచ్చా అని అడిగి టిక్ పెడతారు. వద్దన్నవాళ్లు ఉంటారు, జాబితా 420 నుంచి 300కి దిగవచ్చు. దిగినా వందకు పైనే ఉంటుంది.